ఇరవై నిమిషాలకోసారి మోగే గంట కంటికి సరే, మెడకూ నడుముకూ చాలుతుందా?

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు సలహాల కొదవ లేదు. ఒకరు ఇరవై నిమిషాలకోసారి చూపు తిప్పుకోమంటారు, ఇంకొకరు అరగంటకోసారి లేవమంటారు. చేతి గడియారం గంటకోసారి వణుకుతుంది, ఎవరో వేసిపెట్టిన యాప్ పది నిమిషాలకే తెరను కప్పేస్తుంది. భీమవరంలో రొయ్యల కొనుగోలు ఆఫీసులో లెక్కలెక్కించే మనిషికీ, అమలాపురంలో ఇంట్లో కూర్చుని అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ వచ్చే సందేహం ఒకటే. ఇన్ని అంకెల్లో ఏది నిజం? అన్నీ పాటిస్తే పని ఎప్పుడు తెమిలేను?

ఈ అంకెలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నట్టు కనిపించడానికి కారణం ఉంది. అవి ఒకే అలసట గురించి చెప్పినవి కావు. కంటి లోపలి కండరానికి ఒక గడువు, కంటి పైపొరకు ఇంకో గడువు, మెడకూ నడుముకూ వేరే గడువు ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ఒకే గంట మోతకు కట్టేయడంతో చిక్కు మొదలవుతోంది.

## కన్ను ఎంత మోస్తుందో చిన్న లెక్క

దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు కంటిలోని కటకం పలచగా, విశ్రాంతిగా ఉంటుంది. దగ్గరదాన్ని చూడాలంటే దాని చుట్టూ ఉన్న సీలియరీ కండరం బిగిసి, కటకాన్ని ఉబ్బేలా చేయాలి. ఆ శ్రమను డయాప్టర్లలో కొలుస్తారు. లెక్క చాలా తేలిక. వందను, కంటికీ వస్తువుకీ మధ్య ఉన్న దూరంతో (సెంటీమీటర్లలో) భాగిస్తే చాలు.

మానిటర్ 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే శ్రమ సుమారు 1.7 డయాప్టర్లు. ఫోన్‌ను 30 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 3.3. అంటే టీ తాగుతూ ఫోన్ చూసేవాడు కంటికి విశ్రాంతి ఇవ్వట్లేదు, మోసే బరువును రెట్టింపు చేస్తున్నాడు. పైగా దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ లోపలికి మళ్లాలి, ఆ పనిచేసే కండరాలు కూడా బిగిసే ఉంటాయి. విరామం తీసుకున్నా తలనొప్పి తగ్గలేదనేవాళ్లలో చాలామంది విరామమంతా చేతిలో ఫోన్‌తోనే గడిపి ఉంటారు.

ఇరవై అడుగులు, అంటే ఆరు మీటర్ల దూరంలోకి చూస్తే ఆ శ్రమ 0.17కి పడిపోతుంది. అది దాదాపు సున్నాయే. అయితే మన గదుల్లో ఇరవై అడుగులు ఎక్కడ దొరుకుతుంది? కొనుగోలు ఆఫీసు గది పదికి పన్నెండు ఉంటే గొప్ప. కిటికీ ఉంటే రోడ్డవతలి కొబ్బరిచెట్టు మొవ్వులోకి చూడొచ్చు. కిటికీ లేకపోతే పది అడుగుల దూరంలోని గోడ గడియారం చూసినా శ్రమ 0.33 డయాప్టర్లే. మానిటర్ 1.7తో పోలిస్తే 0.17కీ 0.33కీ తేడా కన్ను పట్టించుకునేది కాదు. ఇరవై అడుగులు దొరకలేదని ఆ విరామమే మానేయడం అనవసరం.

## 20-20-20 ఎక్కడిది, ఎంతవరకు నిలబడుతుంది

ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోకి, ఇరవై సెకన్లు చూడమనే సూత్రాన్ని 1990ల్లో కాలిఫోర్నియాకు చెందిన జెఫ్రీ ఆన్షెల్ అనే దృష్టి నిపుణుడు ప్రచారంలోకి తెచ్చారు. మూడు ఇరవైలు పక్కపక్కన ఉంటే మనిషికి గుర్తుంటుంది. ప్రయోగశాలలో కొలిచి తేల్చిన మోతాదని మాత్రం అనుకోకూడదు.

దీని మీద 2023లో అచ్చయిన రెండు పరిశీలనలు రెండు రకాలుగా తేలాయి. ఒకదానిలో కొద్దిమంది ల్యాప్‌టాప్‌లలో ఈ సూత్రాన్ని గుర్తుచేసే ప్రోగ్రాం పెట్టి రెండు వారాలు వాడించారు. కంటి అలసట, మంట, పొడిబారిన భావన తగ్గాయని వాళ్లు చెప్పారు. గుర్తుచేయడం ఆపేసిన వారానికి ఆ మేలు నిలవలేదు. రెండో పరిశీలనలో నలభై నిమిషాల పాటు ట్యాబ్ మీద చదివించి, కొన్నిసార్లు ఐదు, పది, ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్ల విరామం ఇచ్చారు, ఒకసారి అసలు ఇవ్వలేదు. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు.

ఈ రెండూ పరస్పర విరుద్ధం అనేయడానికి లేదు. నలభై నిమిషాల్లో పడే అలసట చిన్నది, అందులో విరామం తేడా చూపకపోవడం ఆశ్చర్యం కాదు. రోజంతా తెర ముందుండే మనిషి రెండు వారాలు పాటించడం వేరే సంగతి. ఇక్కడ తీసుకోదగిన మాట ఏమిటంటే, ఇరవై అనే అంకెకు పవిత్రత లేదు. పదిహేను నిమిషాలైనా పాతికైనా నష్టం లేదు. ఇరవై సెకన్లు మాత్రం కనీసంగా అనుకోవాలి, ఎందుకంటే చాలాసేపు బిగిసిన కండరం పూర్తిగా సడలడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నలభై దాటినవాళ్లకు ఇది స్పష్టంగా తెలుస్తుంది. తెర మీంచి తలెత్తి వాకిట్లోకి చూడగానే మసకగా ఉండి, నెమ్మదిగా తేటపడుతుంది. ఆ తేటపడేదాకా చూడటమే విరామానికి సరైన కొలత.

## మంట పుట్టించేది రెప్ప

కంటి అలసటంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పేవి మంట, ఇసుక పడ్డట్టు గరగర, నీళ్లు కారడం. ఇవి కటకం బాధలు కావు. కంటి పైన ఉండే కన్నీటి పొర ఆరిపోవడం వల్ల వచ్చేవి. వీటికి దూరంలోకి చూడటం ఒక్కటే మందు కాదు.

1993లో జపాన్ వైద్యులు ఆఫీసు ఉద్యోగుల రెప్పపాట్లు లెక్కపెట్టారు. తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22, పుస్తకం చదువుతుంటే 10, కంప్యూటర్ తెర చూస్తుంటే 7. ఏడు రెప్పపాట్లంటే ఒక్కోదానికీ మధ్య ఎనిమిదిన్నర సెకన్ల ఎడం. ఆరోగ్యంగా ఉన్న కంటి మీద నీటి పొర పది సెకన్లో, ఇంకా ఎక్కువో చెదరకుండా నిలుస్తుంది. కొందరికి ఐదారు సెకన్లకే చెదురుతుంది. వాళ్లకు ప్రతి రెప్పపాటుకు ముందు రెండు మూడు సెకన్లు కంటి ఉపరితలం ఉత్తినే గాలికి తెరుచుకుని ఉంటుంది. రోజంతా ఇలాగే నడిస్తే సాయంత్రానికి మంట రాక ఏమవుతుంది?

ఇంకో సంగతి, తెర ముందు సగం సగంగా వేసే రెప్పలు ఎక్కువవుతాయి. పైరెప్ప కింది రెప్పను తాకకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. రెండు రెప్పలూ పూర్తిగా కలిసినప్పుడే వాటి అంచుల్లో ఉన్న సన్నటి గ్రంథులు నూనె వదులుతాయి. ఆ నూనె నీటి పొర మీద పరుచుకుని అది ఆవిరైపోకుండా కాపాడుతుంది. అందుకని దూరంలోకి చూసే ఇరవై సెకన్లలో నాలుగైదుసార్లు రెప్పలు మెత్తగా మూసి, రెండు సెకన్లు అలాగే ఉంచి తెరవాలి. గట్టిగా చికిలించడం కాదు, నిద్రలోకి జారేటప్పుడు మూసినంత మెత్తగా.

మన డెల్టాలో గాలిలో తడి ఎక్కువ, కళ్లెందుకు ఆరతాయని అడుగుతారు. బయటి గాలిలో తడి ఉన్నా, ఏసీ గదిలో ఆ తడిని యంత్రం పీల్చేస్తుంది. ఏసీ లేని గదిలో రోహిణి కార్తె ఎండకు టేబుల్ ఫ్యాను నేరుగా మొహానికి పెట్టుకుంటారు. ఆ గాలి కంటి నీటి పొరను తడిబట్ట ఆరేసినట్టే ఆరేస్తుంది. ఫ్యాను ఆపమనడం ఎవరికీ సాధ్యం కాని సలహా. దాన్ని పక్కనుంచి ఛాతీకి, లేదా వెనకనుంచి వీపుకు తగిలేలా తిప్పితే చెమటా ఆరుతుంది, కంటికీ దెబ్బ తగలదు. ఏసీ రెక్కలైతే పైకి తిప్పుకోవాలి.

ఈ మంట తగ్గిస్తాయని నీలికాంతిని ఆపే అద్దాలు కొనుక్కునేవాళ్లు బోలెడంత మంది. 2023లో కాక్రేన్ సంస్థ అప్పటివరకు జరిగిన పరీక్షలన్నీ సమీక్షించి, మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల కంటి అలసట కొద్దికాలంలో తగ్గినట్టు కనిపించలేదని తేల్చింది. ఆ డబ్బు పెట్టి కళ్లు పరీక్ష చేయించుకుని, సరైన పవరు వేయించుకుంటే ఉపయోగం ఉంటుంది.

## నిటారుగా కూర్చోవడం సరే, ఎంతసేపు?

మెడ, నడుముల విషయంలో వాదం వేరు. నడుం నిలబెట్టి తొంభై డిగ్రీల కోణంలో కూర్చోవాలని చిన్నప్పటినుంచీ విన్నాం. కూర్చోవడమే నడుముకు బరువన్న మాట వెనక 1960ల నుంచి స్వీడన్‌లో ఆల్ఫ్ నాచెమ్‌సన్ అనే వైద్యుడు చేసిన కొలతలున్నాయి. వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిస్తే, నిలబడ్డప్పటికంటే కూర్చున్నప్పుడు ఎక్కువ ఉందని తేలింది. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక మనిషి మీద రోజువారీ కదలికలన్నిటిలోనూ మళ్లీ కొలిచింది. అక్కడ కూర్చోవడం, నిలబడటం ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. కుర్చీలో వెనక్కి వాలి, వీపు ఆనించి కూర్చుంటే ఒత్తిడి ఇంకా తగ్గింది.

అంటే నిటారుగా కూర్చోవడం తప్పని కాదు. ఒకే భంగిమను రోజంతా పట్టుకోవడం మంచిదనడానికి మాత్రం ఆధారం బలహీనం. చెడు భంగిమ కన్నా కదలని భంగిమ ఎక్కువ బాధపెడుతుందని నమ్మడానికి కారణం కండరంలోనే ఉంది. కండరం బిగిసినప్పుడు తన లోపలి సన్నటి రక్తనాళాలను తానే నొక్కుతుంది. బిగిసి సడలుతూ ఉంటే రక్తం పారుతూ ఉంటుంది. కొద్దిపాటి బిగుతైనా గంటల తరబడి వదలకుండా ఉంటే అక్కడ నొప్పి పుడుతుంది. రేవులో నీళ్లు ముంచుకుని ఇంటికి నడిచే ఆడవాళ్లు బిందెను దారిలో ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకునేవారు. బిందె బరువు అదే, మోసే కండరం మారుతుంది. కుర్చీలోనూ కావలసింది అదే మార్పు.

ఈ కారణం వల్ల మెడకు ఇరవై సెకన్లు చాలవు. చూపు తిప్పుకున్నా తల మోసే కండరాలు అదే పనిలో ఉంటాయి. తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోల దాకా ఉంటుంది. అది భుజాల మీద నిలువుగా ఉన్నంతసేపూ ఎముకలే మోస్తాయి, ముందుకు వంగిన కొద్దీ మెడ వెనక కండరాలు పట్టుకోవాలి. వాటికి సడలింపు దొరకాలంటే మనిషి కుర్చీలోంచి లేవాలి, చేతులు కీబోర్డు వదలాలి.

ల్యాప్‌టాప్‌తో ఇక్కడ ఒక తిరకాసు ఉంది. తెర కిందుగా ఉంటే కళ్లు సగం మూసుకుని ఉంటాయి, కన్నీరు తక్కువ ఆరుతుంది, కంటికి మేలు. మెడకు మాత్రం కీడు. తెరను కంటికంటే ఎత్తులో పెడితే మెడ నిలువుగా ఉన్నా కళ్లు విప్పార్చుకుని చూడాలి, మంట పెరుగుతుంది. రెంటికీ సరిపడే చోటు ఒకటుంది. తెర పైఅంచు కంటికి సమానంగా గానీ రెండు మూడు వేళ్లు కిందుగా గానీ ఉండాలి, చూపు తెర మధ్యకు కాస్త దిగాలి. ల్యాప్‌టాప్‌ను నాలుగు లావుపాటి పుస్తకాల మీద ఎత్తి, విడిగా కీబోర్డు, మౌసు పెట్టుకుంటే ఇది కుదురుతుంది. కీబోర్డు లేకుండా ఎత్తితే చేతులు గాలిలో తేలి భుజాలు పట్టేస్తాయి, బాధ ఒకచోటినుంచి ఇంకోచోటికి మారుతుంది అంతే.

## గంటకు ఐదు నిమిషాలు పోతే పని తగ్గుతుందా

యజమానులు అడిగే ప్రశ్న ఇది, న్యాయమైనదే. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే ప్రభుత్వ సంస్థ దీన్ని పన్నుల శాఖ డేటా ఎంట్రీ ఉద్యోగుల మీద పరీక్షించి, ఫలితాలను 2000లో ప్రచురించింది. వాళ్లకు అప్పటికే రోజుకు పదిహేను నిమిషాల విరామాలు రెండున్నాయి. దానికితోడు, ఏ విరామమూ లేని ప్రతి గంటలో ఐదు నిమిషాలు చేర్చారు. రోజు మొత్తం మీద ఇరవై నిమిషాలు అదనం. ఒళ్లునొప్పులు, కంటి అలసట తగ్గాయి. ఇరవై నిమిషాలు తక్కువ పనిచేసినా టైపు చేసిన మొత్తం తగ్గలేదు.

అదే పరిశోధకులు 2007లో ఇంకో ప్రశ్న వేశారు. ఆ విరామాల్లో కొందరిచేత సాగదీసే వ్యాయామాలు చేయిస్తే ఇంకా మేలు కలుగుతుందా? వ్యాయామం అప్పగించినవాళ్లకూ అప్పగించనివాళ్లకూ తేడా రాలేదు. ఎందుకో చూస్తే, పాత విరామాల్లో నాలుగోవంతు సార్లు, కొత్త చిన్న విరామాల్లో నూటికి 39 సార్లు మాత్రమే వాళ్లు ఆ వ్యాయామాలు చేశారు. సాగదీయడం పనికిరాదని దీనికి అర్థం కాదు, అసలు చేయలేదు కాబట్టి పరీక్షే పూర్తి కాలేదు. అదనపు విరామాలు మాత్రం వ్యాయామం లేకుండానే మేలు చేశాయి. అందుకే ఐదు నిమిషాల్లో మొదటి స్థానం లేవడానికి, నడవడానికి ఇవ్వడం సబబు. మిగిలితే రెండు మూడు సాగతీతలు.

## భీమవరం లెక్కల గదిలో ఒక పట్టుబడి రోజు

ఇప్పుడు ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. రొయ్యల కొనుగోలు ఆఫీసు. చెరువుల మీద పట్టుబడి జోరుగా ఉన్న రోజు. కాటా దగ్గరనుంచి వచ్చిన చీటీలు బల్లమీద ఎడంపక్క కుప్పగా ఉన్నాయి. ఒక్కో చీటీ మీద రైతు పేరు, కౌంటు, కిలోలు, రేటు. ఒక్కోదాన్ని చూసి కంప్యూటర్లోకి ఎక్కించి, సరిచూడటానికి నాలుగు నిమిషాలు. రోజుకు 110 చీటీలు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా పని. పదకొండుంబావుకు టీ, ఒకటిన్నర నుంచి రెండుంబావు దాకా భోజనం, నాలుగూ పదికి మళ్లీ టీ.

ముందు బల్ల చూడాలి. చీటీలు బల్లమీద పడుకుని ఉంటే ప్రతి అంకెకూ తల కిందికి, పక్కకు వంగి మళ్లీ పైకి లేవాలి. ఒక చీటీకి ఆరుసార్లనుకున్నా రోజుకు 660 సార్లు. పైగా కాగితం, తెర వేర్వేరు దూరాల్లో ఉంటే కటకం కూడా అన్నిసార్లు సర్దుకోవాలి. పరీక్ష అట్టకు చీటీలు క్లిప్పు పెట్టి, దాన్ని మానిటర్ పక్కనే, అదే ఎత్తులో నిలబెడితే ఈ బాధలో సగం విరామం అవసరం లేకుండానే పోతుంది. రిమైండర్లు పెట్టుకునేముందు చేయాల్సిన పని ఇదే.

తర్వాత కుర్చీ. భోజనాల బల్లలాంటి బల్ల సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే చోటు 43 దగ్గర. మోచేయి బల్లకంటే కిందుండటంతో భుజాలు పైకెత్తి టైపు చేస్తారు. సాయంత్రానికి మెడకూ భుజానికీ మధ్య పట్టేయడానికి ఇదే కారణం. గట్టి దిండు ఒకటో రెండో వేసి, మోచేతులు కీబోర్డు ఎత్తుకు వచ్చేదాకా కుర్చీని ఎత్తాలి. అప్పుడు పాదాలు నేలకందవు, తొడల కింద ఒరుసుకుంటుంది. వంటింట్లో పీట తెచ్చి పాదాల కింద వేసుకుంటే సరిపోతుంది. నడుం వెనక చుట్టిన తువ్వాలు ఒకటి పెట్టుకోవాలి.

ఇక గడువులు. కంటి విరామానికి గడియారం పెట్టకుండా, చీటీలనే గడియారం చేసుకోవచ్చు. నాలుగు నిమిషాల చీటీలు ఐదైతే ఇరవై నిమిషాలు. పొద్దున్నే చీటీలను ఐదేసి కట్టలుగా విడదీసి రబ్బరు బ్యాండ్ వేసుకుంటే, రోజుకు 22 కట్టలు. ఒక కట్ట పూర్తయి, బ్యాండ్ తీసి ఇంకో కట్ట అందుకునే చోట అరనిమిషం కిటికీలోంచి దూరంగా చూపు, నాలుగైదు నిండు రెప్పలు. 22 అరనిమిషాలంటే రోజు మొత్తం మీద పదకొండు నిమిషాలు.

లేవడానికి మాత్రం నిజంగా మోగే గంట కావాలి, ఎందుకంటే కుర్చీలోంచి లేచే పని తనంతట తాను జరగదు. అమెరికా పరిశీలనలో చేసినట్టే, విరామం లేని చోట్ల మాత్రమే పెడదాం. పదీ ఇరవై, పన్నెండూ ఇరవై, మూడూ పది, ఐదుంబావు, ఆరూ పది. మొత్తం ఐదు విరామాలు, ఒక్కోటి ఐదు నిమిషాలు. టీలు, భోజనం కలుపుకుంటే ఎక్కడా కూర్చున్న ఎడం గంటా ఐదు నిమిషాలు దాటదు. సాయంత్రం ఎడాలు తగ్గుతూ వచ్చాయి, చివరిది ముప్పావుగంటే. పొద్దుటి యాభై నిమిషాలూ సాయంత్రం యాభై నిమిషాలూ శరీరానికి ఒకటి కావు కాబట్టి అలా పెట్టడమే మంచిది.

ఐదు నిమిషాల్లో చేయాల్సింది కొంచెమే. లేచి బయటికి నడిచి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి రావాలి. రెండు లీటర్ల సీసా బల్లమీద పెట్టుకోవడం సౌకర్యమే గానీ, లేవడానికున్న ఒక కారణం పోతుంది. తిరిగొచ్చే దారిలో గుమ్మం దగ్గర ఆగి, రెండు ముంజేతులూ ద్వారబంధానికి ఆనించి, ఒక అడుగు ముందుకేసి ఛాతీ సాగేలా ఇరవై సెకన్లు నిలబడాలి. ఆపైన గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగి ఐదు సెకన్లు పట్టి వదలాలి, ఐదుసార్లు. పక్కనుంచి చూసేవాళ్లకు చెవి భుజం మీదికి వచ్చినట్టు కనిపించాలి. గడ్డం ఛాతీకి తగిలితే అది వేరే కదలిక, మనకు కావలసింది కాదు. తల గుండ్రంగా గిరగిరా తిప్పడం చాలామంది అలవాటు. వెనక్కి వంచి తిప్పినప్పుడు కొందరికి కళ్లు తిరుగుతాయి, మెడ అరిగినవాళ్లకు నొప్పి పెరుగుతుంది. అది మానేసి, నెమ్మదిగా కుడికి, ఎడమకు చూడటం చాలు. సాగదీసినప్పుడు లాగినట్టుండాలి, పొడిచినట్టు కాదు.

లెక్క చూసుకుంటే 570 నిమిషాల రోజులో భోజనం 45, టీలు 20, కొత్త విరామాలు 25, కంటి విరామాలు 11. చీటీలకు 440. ఇంకా 29 నిమిషాలు ఫోన్లకూ తప్పులు సరిచేయడానికీ మిగిలింది.

## గంట మోగినా ఎందుకు లేవరు

రిమైండర్ ప్రోగ్రాంలు పెట్టుకున్నవాళ్లలో చాలామంది వారం తిరక్కుండానే తీసేస్తారు. ఉచితంగా దొరికే `Stretchly` అనే ప్రోగ్రాం మొదట ఉండే అమరికలో పది నిమిషాలకోసారి ఇరవై సెకన్ల విరామం, అరగంటకోసారి ఐదు నిమిషాల విరామం చూపిస్తుంది. పై ఆఫీసులో ఎనిమిది గంటల పనికి ఇది దాదాపు పదహారు పెద్ద విరామాలు, ముప్పై పైగా చిన్నవి. కిలోలు కొట్టి రేటు కొట్టబోయే క్షణాన తెర కప్పేస్తే మనిషి దాన్ని మూసేస్తాడు. నాలుగుసార్లు మూస్తే ఐదోసారి ఏముందో చదవకుండానే వేలు మూసేస్తుంది. అక్కడినుంచి ఆ గంట మోగినా మోగనట్టే.

అందుకే అమరికల్లో వ్యవధులు మార్చుకోవాలి, పెద్ద విరామం సుమారు గంటకోసారి వచ్చేలా పెట్టాలి. వాయిదా వేసే వీలు ఒక్కసారికే, ఐదు నిమిషాలకే ఉంచుకోవాలి. మనిషి కీబోర్డు వదిలి వెళ్లినప్పుడు లెక్క మళ్లీ మొదలుపెట్టే ప్రోగ్రాం అయితే ఇంకా మంచిది. లేకపోతే కాటా దగ్గరికి వెళ్లి పది నిమిషాలు నిలబడి వచ్చి కూర్చున్న మరుక్షణం లేవమని మోగుతుంది, మనిషికి దానిమీద నమ్మకం పోతుంది. కరెంటు పోయినప్పుడు డెల్టా ఊళ్లలో విరామం దానంతటదే వస్తుంది. ఆ పావుగంట ఫోన్‌లో గడపకుండా వీధి అరుగు మీద కూర్చుంటే తర్వాత మోగే గంటను వదిలేయొచ్చు.

## విరామంతో తీరని బాధలు

రెండు వారాలు ఇలా చేస్తూ, నొప్పి గానీ మంట గానీ రోజులో మొదటిసారి ఎన్నింటికి వచ్చిందో క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాసుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి వచ్చేది ఐదున్నరకు జరిగితే అమరిక పనిచేస్తున్నట్టు. కదలకపోతే కారణం విరామాల్లో లేదు.

నలభై దాటినవాళ్లలో ఆ కారణం తరచుగా చత్వారం. అక్షరాలు తేటగా కనబడటానికి మెడ ముందుకు చాపడం, కాగితాన్ని దూరంగా జరపడం దీని గుర్తులు. ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నవాళ్లది ఇంకో రకం. దగ్గరి పవరు అద్దం అడుగున ఉంటుంది కాబట్టి తెర చదవడానికి గడ్డం పైకెత్తుతారు, రోజంతా మెడ వెనక్కి వంగి ఉంటుంది. వాళ్లు మానిటర్‌ను అందరికంటే కిందికి దించాలి, లేదా మానిటర్ దూరం కొలిచి తీసుకెళ్లి ఆ దూరానికే విడిగా ఒక జత అద్దాలు రాయించుకోవాలి. కళ్లద్దాల దుకాణంలో ఈ దూరం చెప్పకపోతే పుస్తకం దూరానికి, అంటే 40 సెంటీమీటర్లకు పవరు వేసే అవకాశం ఎక్కువ. 60 దగ్గరున్న తెర దాంతో మసకగానే ఉంటుంది.

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి. మెడనుంచి చేతిలోకి కరెంటు కొట్టినట్టు నొప్పి దిగినా, పట్టు సడలి గ్లాసు జారుతున్నా సాగతీతలు ఆపి వైద్యుణ్ని కలవాలి. కంటిలో మెరుపులు, ఒక్కసారిగా నల్లటి చుక్కలు, తెర జారినట్టు చూపులో ఒక పక్క మూసుకుపోవడం, ఎర్రబడి నొప్పి పుట్టడం, ఒకటి రెండుగా కనబడటం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. మంటకు మందుల షాపులో చుక్కలు తెచ్చుకుంటే, ఎరుపు పోగొట్టేవి కాకుండా కన్నీటికి బదులు వేసేవి అడగాలి. వాటిని రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సి వస్తుంటే ప్రిజర్వేటివ్ కలపని రకం అడగాలి. ఆ ప్రిజర్వేటివ్ మందే ఎక్కువైతే కంటి పైపొరను రేపుతుంది.